మెయిల్‌లో మూడు వాక్యాలు, రోస్టర్‌లో ఒక సీటు

సోమవారం పొద్దున కస్టమర్ సపోర్ట్ ఆఫీసులో రిక్రూటర్ స్క్రీన్ మీద రెండు తెరిచి ఉంటాయి. ఒకటి ఇన్‌బాక్స్, రెండోది ఆపరేషన్స్ మేనేజర్ పంపిన ఎక్సెల్ షీట్. కన్నడ వాయిస్‌కి ముగ్గురు కావాలి, పొద్దున ఆరింటికి లాగిన్. యూకే చాట్‌కి ఇద్దరు, మధ్యాహ్నం లాగిన్. హిందీ ఈమెయిల్స్‌కి ఒకరు, టూల్ తెలిసుండాలి, వారంలో చేరాలి. షీట్‌లో ఇలా వరసలుంటాయి. ఒక్కో దరఖాస్తు తెరిచినప్పుడు రిక్రూటర్ వెతికేది ఒక్కటే: ఈ మనిషి ఏ వరసలో సరిపోతారు?

దరఖాస్తు పంపేవాళ్లకు ఆ షీట్ కనబడదు. అందుకే చాలామంది తాము ఎలాంటివాళ్లో రాస్తారు గానీ, తమను ఎక్కడ కూర్చోబెట్టవచ్చో రాయరు. కష్టపడి పనిచేస్తాను, త్వరగా నేర్చుకుంటాను, ఏ షిఫ్ట్ అయినా ఓకే, కంప్యూటర్ వచ్చు. ఇవన్నీ నిజమే కావచ్చు. కానీ వీటితో షీట్‌లో ఒక్క గడి కూడా నిండదు. గడి నింపేవి మూడే సంగతులు: ఏ భాషలో ఏ పని చేయగలరు, ఏ గంట నుంచి ఏ గంట దాకా ఉండగలరు, ఏ టూల్ మీద ఏం చేశారు. మూడూ కలిపి మెయిల్‌లో పది వరసలు దాటవు. ఆ పది వరసలు రాయడానికి మాత్రం కాస్త కూర్చుని ఆలోచించాలి, ఒకటి రెండు చోట్ల విచారించాలి.

ఒక ఉదాహరణ తీసుకుని చూద్దాం. హిందూపురం నుంచి వచ్చిన అమ్మాయి, బీకాం చదివింది. హైదరాబాద్‌లో ఆన్‌లైన్ కిరాణా సంస్థకు సపోర్ట్ చేసే ఆఫీసులో పద్నాలుగు నెలలు పనిచేసింది. అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్‌లో ఉంటుంది. ఇప్పుడు ప్రయాణ టికెట్లు అమ్మే ఒక సంస్థ ప్రకటన చూసింది. చాట్, ఈమెయిల్, వాయిస్ మూడూ ఉండే ఉద్యోగం. ఇంగ్లిష్ తప్పనిసరి, దక్షిణాది భాష ఇంకొకటి వస్తే మేలు. యూకే షిఫ్ట్ లేదా రొటేషనల్ షిఫ్ట్. జెన్‌డెస్క్ గానీ అలాంటి టికెటింగ్ టూల్ గానీ వాడిన అనుభవం ఉండాలి.

ఆమె మొదట రాసుకున్న మెయిల్‌లో అసలు సంగతి మూడు ముక్కల్లో ఉంది: తెలుగు, హిందీ, ఇంగ్లిష్ వచ్చు. ఏ షిఫ్టులోనైనా పనిచేయగలను. ఫ్రెష్‌డెస్క్, ఎంఎస్ ఆఫీస్ తెలుసు.

ఇందులో అబద్ధమేమీ లేదు. అయినా ఈ మూడింటిలో ప్రతిదాని వెనుకా ఒక ప్రశ్న మిగిలిపోయింది.

ముందు భాషల సంగతి. ఆమె రాయని భాష ఒకటుంది, కన్నడ. హిందూపురంలో పెరిగిన పిల్లకు కన్నడ ఎప్పుడు వచ్చిందో ఆమెకే గుర్తుండదు. బజారులో, బస్సులో, చుట్టాలింట్లో విని మాట్లాడేసిన భాష. బడిలో చదవలేదు, సర్టిఫికెట్ లేదు, కాబట్టి అది తనకు వచ్చిన భాషల లెక్కలోకి వస్తుందని తట్టలేదు. చిత్తూరు వైపు వాళ్లు తమిళం విషయంలో ఇదే చేస్తారు, ఇచ్ఛాపురం వాళ్లు ఒడియా విషయంలో, ఆదిలాబాద్ వాళ్లు మరాఠీ విషయంలో. సరిహద్దు జిల్లాల పిల్లలకు ఊరు ఉచితంగా ఇచ్చిన ఆస్తి ఇది. దక్షిణాది భాష వస్తే మేలు అని ప్రకటన అడుగుతుంటే దాన్ని మెయిల్‌లో రాయకపోవడం చూస్తే నిజంగా బాధేస్తుంది.

అయితే కన్నడ వచ్చు అని రాస్తే సరిపోదు. సపోర్ట్ పనిలో భాష అంటే నాలుగు వేరువేరు పనులు: విని అర్థం చేసుకోవడం, మాట్లాడటం, చదవడం, టైప్ చేయడం. వాయిస్ ప్రాసెస్‌కి మొదటి రెండూ కావాలి. చాట్‌కీ ఈమెయిల్‌కీ చివరి రెండూ కావాలి. ఒక మనిషికి ఒకే భాషలో ఇవి నాలుగూ సమానంగా ఉండాలని లేదు. ఈ అమ్మాయి కన్నడ గడగడా మాట్లాడుతుంది. తెలుగు, కన్నడ లిపులు అక్కచెల్లెళ్ల లాంటివి కాబట్టి నిదానంగా చదువుతుంది కూడా. టైప్ చేయడం మాత్రం రాదు. అంటే కన్నడ వాయిస్‌లో ఆమెకు చోటుంది, కన్నడ చాట్‌లో లేదు. ఈ ఒక్క తేడా మెయిల్‌లో ఉంటే, రిక్రూటర్ ఆమెను సరైన వరసలో పెట్టగలడు. లేకపోతే పొరపాటున చాట్ టెస్ట్‌కి పిలుస్తారు, ఆమె ఫెయిలై వస్తుంది, వాయిస్‌లో ఖాళీ అలాగే ఉంటుంది.

హిందీ దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. హైదరాబాద్‌లో కొన్నాళ్లున్న ఎవరికైనా హిందీ వచ్చినట్టే అనిపిస్తుంది. ఆటో అతనితో, కిరాణా కొట్టులో పని జరిగిపోతుంది. ఆ మాటల్లో నక్కో, కైకు, హౌ దొర్లుతుంటాయి. ఇది దక్కనీ కలిసిన హిందీ, ఇక్కడి నేలకు అందమైన భాష. కానీ లక్నో నుంచి ఫోన్ చేసిన కస్టమర్‌కు ఆ మాటలు కొత్త. అంతకంటే పెద్ద చిక్కు అంకెలది. హిందీలో ఉన్‌సఠ్ అంటే 59, ఉన్‌హత్తర్ అంటే 69, ఉన్యాసీ అంటే 79. తెలుగులో అరవై తొమ్మిది అనగానే అరవై వినబడుతుంది; హిందీలో ఉన్‌హత్తర్ అన్నప్పుడు వినబడేది సత్తర్, అంటే డెబ్బైకి ఒకటి తక్కువ అనే లెక్క. పెద్దవయసు కస్టమర్ కార్డు చివరి అంకెలో, తిరిగి రావాల్సిన మొత్తమో హిందీలో చెబుతుంటే, మన పిల్లలు సరిగ్గా ఇక్కడే తడబడతారు. వాయిస్ ఇంటర్వ్యూలో పది అంకెలు హిందీలో చెప్పి రాసుకోమంటే అసలు సంగతి అక్కడే తేలిపోతుంది. కాబట్టి హిందీ వాయిస్ అని రాసే ముందు ఒకటి నుంచి వంద దాకా ఒకసారి విని, రాసి చూసుకోవడం మంచిది. దేవనాగరిలో టైప్ చేయడం రాకపోతే ఆ మాట మెయిల్‌లో ఉండాలి.

తెలుగు మాతృభాషే కదా, దాని గురించి రాసేదేముంది అనుకుంటారు. ఉంది. తెలుగు కస్టమర్లలో చాలామంది చాట్‌లో తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేస్తారు. కొందరు తెలుగు లిపిలోనే రాస్తారు. ఏజెంట్ కూడా లిపిలో జవాబు ఇవ్వగలిగితే అది వేరే నైపుణ్యం. ఈ అమ్మాయి కిరాణా సంస్థలో రెండు రకాలుగానూ చేసింది, కాబట్టి అది రాయాలి.

ఇంగ్లిష్ ఆమెకు రాతలో బాగుంది. పాత ఆఫీసులో ఇంగ్లిష్ ఈమెయిల్స్ ఆమే చూసేది. బ్రిటిష్ కస్టమర్లతో ఫోన్‌లో మాట్లాడింది మాత్రం లేదు. స్కాట్లాండ్ మనిషి వేగంగా మాట్లాడితే అర్థం చేసుకోవడం సినిమాలు చూసినంత తేలిక కాదు. అందుకని ఇంగ్లిష్ చాట్, ఈమెయిల్ ఇప్పటి నుంచే చేయగలను, యూకే వాయిస్ అనుభవం లేదు అని రాస్తుంది. ఇలా రాస్తే అవకాశం పోతుందని భయపడేవాళ్లున్నారు. షీట్‌లో యూకే చాట్ అని ఒక వరస ఉన్నప్పుడు, ఆ వరసకు నేరుగా తగిన మనిషి ఈమే అవుతుంది.

జర్మన్, ఫ్రెంచ్ లాంటి భాషలు నేర్చుకున్నవాళ్లకు ఈ బాధ తక్కువ. యూరప్ భాషలకు ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్ల కొలత ఉంది, జపనీస్‌కు ఎన్5 నుంచి ఎన్1 దాకా పరీక్షలున్నాయి. ఏ పరీక్ష, ఏ మెట్టు, ఏ సంవత్సరం రాస్తే చాలు. ఒక్క జాగ్రత్త: జపనీస్‌లో ఎన్1 అన్నిటికంటే పైది, ఎన్5 మొదటిది. యూరప్ కొలతలో అంకె, అక్షరం పెరిగేకొద్దీ పైకి పోతారు. మన భాషలకు ఇంటర్వ్యూల్లో చెల్లే అలాంటి కొలత లేదు, అందుకే చేసిన పనినే కొలతగా రాయాల్సి వస్తుంది.

ఇక షిఫ్ట్. మెయిల్ మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే వాక్యం ఏ షిఫ్ట్ అయినా ఓకే అనేదే. వినడానికి ఉత్సాహంగా ఉంటుంది. రిక్రూటర్‌కు మాత్రం, ఈ మనిషి ఇంకా ఇంట్లో అడగలేదు, హాస్టల్‌లో అడగలేదు అని అర్థమవుతుంది. రెండో వారంలో మానేసేవాళ్లలో చాలామంది ఈ వాక్యం రాసినవాళ్లే. ట్రైనింగ్ పగలు జరుగుతుంది కాబట్టి అప్పటిదాకా ఇబ్బంది తెలియదు. ట్రైనింగ్ అయి షిఫ్ట్ చేతికి వచ్చాక తెలుస్తుంది.

మన అమ్మాయి విషయంలో యూకే షిఫ్ట్ అంటే గడియారంలో ఎంత? లండన్‌లో పొద్దున 9 నుంచి సాయంత్రం 6 దాకా అనుకుంటే, వేసవిలో మన టైమ్ ప్రకారం మధ్యాహ్నం 1:30 నుంచి రాత్రి 10:30. చలికాలంలో మధ్యాహ్నం 2:30 నుంచి రాత్రి 11:30. మార్చి చివరి ఆదివారం బ్రిటన్‌లో గడియారాలు గంట ముందుకు జరుపుతారు, అక్టోబర్ చివరి ఆదివారం వెనక్కి జరుపుతారు. మన గడియారం ఎప్పుడూ జరగదు, కాబట్టి మన షిఫ్టే గంట అటూ ఇటూ అవుతుంది.

ఈ ఒక్క గంట ఎంత పని చేస్తుందో చూడండి. ఆమె ఉండే హాస్టల్ గేటు రాత్రి పదకొండున్నరకు మూస్తారు. ఏప్రిల్‌లో దరఖాస్తు పెట్టింది. షిఫ్ట్ పదిన్నరకు అయిపోతుందని చెప్పారు. క్యాబ్‌లో ముప్పావు గంటలో హాస్టల్ చేరుతుంది, సరిపోతుంది. ఓకే అని రాసేస్తుంది. అక్టోబర్ ఆఖరు సోమవారం నుంచి అదే షిఫ్ట్ పదకొండున్నరకు ముగుస్తుంది. ఆమె క్యాబ్ దిగేసరికి పన్నెండుంపావు. గేటు మూసి ఉంటుంది. ఆరు నెలలు చక్కగా పనిచేసిన మనిషి ఒక్క వారంలో రాజీనామా గురించి ఆలోచించాల్సి వస్తుంది. మెట్రో మీద ఆధారపడేవాళ్లకూ ఇదే చిక్కు. చివరి రైళ్లు రాత్రి 11 ప్రాంతంలో బయలుదేరతాయి. వేసవిలో అందే రైలు చలికాలంలో అందదు.

అందువల్ల మెయిల్ రాసే ముందు ఆమె చేయాల్సిన పని, హాస్టల్ ఆంటీ దగ్గరికి వెళ్లడం.

"ఆంటీ, నాకు కొత్త ఆఫీసులో రాత్రి షిఫ్ట్ రావచ్చు. చలికాలంలో పన్నెండున్నర అవుతుంది. గేటు తీస్తారా?"

"ఆఫీసు క్యాబ్‌లోనే దిగుతావా అమ్మా?"

"అవునండీ."

"అయితే కంపెనీ ఐడీ, షిఫ్ట్ టైమ్ రాసిన లెటర్ తెచ్చి ఇవ్వు. వాచ్‌మన్‌కి చెబుతాను. ఒంటిగంట దాటితే మాత్రం కుదరదు."

ఈ నాలుగు మాటల తర్వాత ఆమె దగ్గర కచ్చితమైన హద్దు ఉంది: రాత్రి పన్నెండుకల్లా లాగౌట్ అయితే సమస్య లేదు. ఇప్పుడు మెయిల్‌లో రాయగలదు. మధ్యాహ్నం 12 నుంచి అర్ధరాత్రి 12 మధ్య ఏ తొమ్మిది గంటలైనా ఉండగలను, యూకే చలికాలపు టైమ్ కూడా కలిపి. ఆఫీసు క్యాబ్ అవసరం, దిగే చోటు అమీర్‌పేట. వారాంతాల్లో పనిచేయగలను, వీక్ ఆఫ్ ఏ రోజైనా ఫర్వాలేదు. అమెరికా షిఫ్ట్ ప్రస్తుతం కుదరదు.

చివరి వాక్యం రాయడానికి చేయి రాదు చాలామందికి. కానీ అమెరికా తూర్పు తీరం పగటి డ్యూటీ అంటే మనకు వేసవిలో సాయంత్రం 6:30 నుంచి తెల్లవారుజాము 3:30, చలికాలంలో ఇంకో గంట ఆలస్యం. ఆమెకు అది ఎలాగూ కుదరదు. ఆ మాట మెయిల్‌లో ఉంటే, రిక్రూటర్ ఆమెను ఆ వరస నుంచి తీసి పక్క వరసలో చూస్తాడు. లేకపోతే మూడో రౌండ్‌లో ఆ మాట బయటపడి, మూడు రౌండ్లూ వృథా అవుతాయి.

క్యాబ్ సంగతి రాయడం మొహమాటంగా అనిపించవచ్చు. అందులో మొహమాటం ఏమీ లేదు. చాలా ఆఫీసులు క్యాబ్ ఇన్ని కిలోమీటర్ల దాకానే అని హద్దు పెట్టుకుంటాయి. ఇల్లు ఆ హద్దు లోపల ఉందో లేదో రిక్రూటర్ ఎలాగూ అడుగుతాడు. పైగా మహిళల విషయంలో చట్టమే ఒక మాట చెబుతోంది. 2020లో వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో 43వ సెక్షన్ ప్రకారం రాత్రి 7 తర్వాత, పొద్దున 6 లోపు మహిళల చేత పని చేయించాలంటే వాళ్ల సమ్మతి ఉండాలి, భద్రత షరతులూ పాటించాలి. చలికాలంలో యూకే షిఫ్ట్‌లో సగం ఏడు దాటాకే నడుస్తుంది. మెయిల్‌లో రాసింది ఆ సమ్మతి పత్రానికి బదులు కాదు, చేరేటప్పుడు అది వేరేగా సంతకం చేయాలి. కానీ ఎంతదాకా సమ్మతో ముందే ఆలోచించుకున్న మనిషి ఆ కాగితం ముందు కంగారుపడదు.

రొటేషనల్ అన్న మాటను కూడా ఒకసారి అడిగి తెలుసుకోవాలి. కొన్నిచోట్ల నెలకోసారి షిఫ్ట్ మారుతుంది, కొన్నిచోట్ల వారానికోసారి. ప్రకటనలో లేకపోతే మెయిల్ చివర ఒక్క వాక్యంలో అడగవచ్చు. తప్పు పట్టే రిక్రూటర్ ఉండడు.

మూడోది టూల్. ఫ్రెష్‌డెస్క్ తెలుసు అని ఆమె రాసింది. చెన్నైలో 2010లో మొదలైన ఆ సాఫ్ట్‌వేర్ ఇక్కడి ఆఫీసుల్లో చాలామందికి పరిచయమే. తెలుసు అన్న మాటలో మాత్రం ఏమీ తెలియదు. టికెట్ తెరిచి చూసినవాళ్లూ తెలుసంటారు, టీమ్‌కు రిపోర్టులు తీసినవాళ్లూ తెలుసంటారు. ఆమె నిజంగా చేసిందేమిటి? రోజుకు నలభై దాకా టికెట్లు చూసేది. ఒకే కస్టమర్ ఒకే సమస్య మీద మూడుసార్లు రాస్తే ఆ టికెట్లను కలిపేది. కస్టమర్‌కు కనబడకుండా గోదాము టీమ్‌కు ప్రైవేట్ నోట్ పెట్టేది. తరచూ వచ్చే రీఫండ్ ప్రశ్నలకు తెలుగులో క్యాన్డ్ రెస్పాన్సులు, అంటే ముందే రాసిపెట్టుకున్న జవాబులు, ఆరు తయారు చేసింది. ఈ చివరిది ఆమెకు చిన్న పనిలా అనిపించింది, మెయిల్‌లో రాయాలని తోచలేదు. నిజానికి టూల్ తెలుసనడానికి అంతకంటే మంచి రుజువు లేదు.

ప్రకటన అడిగింది జెన్‌డెస్క్. ఆమె వాడింది ఫ్రెష్‌డెస్క్. ఇక్కడ రెండు తప్పులు జరుగుతుంటాయి. ఒకటి, జెన్‌డెస్క్ కూడా తెలుసని రాసేయడం. రెండు, తెలియదు కాబట్టి దరఖాస్తే పెట్టకపోవడం. రెండూ అక్కర్లేదు. రెండింటికీ కొన్ని రోజులు ఉచితంగా వాడుకునే ట్రయల్ ఉంది. ఒక ఆదివారం కూర్చుని, తన పేరుతోనే నాలుగు దొంగ ఫిర్యాదులు పంపుకుని, వాటిని తనే పరిష్కరిస్తే ఎక్కడ తేడా ఉందో తెలిసిపోతుంది.

ఆ తేడాల్లో ఒకటి దగ్గరగా చూడదగ్గది. జెన్‌డెస్క్‌లో టికెట్‌కు Pending అనీ On-hold అనీ రెండు స్టేటస్‌లున్నాయి. పైకి రెండూ ఆగి ఉండటమే. కస్టమర్ నుంచి జవాబు రావాల్సి ఉంటే Pending. మూడో మనిషి నుంచి, అంటే బ్యాంకు నుంచో విమాన సంస్థ నుంచో రావాల్సి ఉంటే On-hold. ఇంటర్వ్యూలో ఇలా అడుగుతారు: టికెట్ రద్దు చేసుకున్న కస్టమర్ రీఫండ్ అడిగారు, వివరాలన్నీ ఇచ్చేశారు, విమాన సంస్థ ఇంకా ఒప్పుకోలేదు, స్టేటస్ ఏం పెడతారు? Pending అని చెప్పినవాళ్లు టూల్ వాడలేదని తెలిసిపోతుంది. Pending పెడితే బంతి కస్టమర్ దగ్గర ఉందని అర్థం. చాలా ఆఫీసుల్లో అలాంటి టికెట్‌కు మీ జవాబు కోసం ఎదురుచూస్తున్నాం అని రిమైండర్లు తనంతట తానే వెళ్లేలా పెట్టుకుంటారు. అన్ని వివరాలూ ఇచ్చి డబ్బు కోసం ఎదురుచూస్తున్న మనిషికి ఆ మెయిల్ వెళితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఇంకో తేడా Solved, Closed మధ్య. ఏజెంట్ పని అయిందని Solved పెడతారు. ఆ తర్వాత కస్టమర్ మళ్లీ రాస్తే అదే టికెట్ తెరుచుకుంటుంది. మార్చకపోతే, మామూలుగా నాలుగు రోజులకు టికెట్ దానంతటదే Closed అవుతుంది. అప్పుడు రాస్తే పాతది తెరుచుకోదు, దానికి అనుబంధంగా కొత్త టికెట్ పుడుతుంది. ఫ్రెష్‌డెస్క్‌లో క్యాన్డ్ రెస్పాన్స్ అనే పనిని ఇక్కడ మ్యాక్రో చేస్తుంది, అది జవాబుతో పాటు స్టేటస్‌ను కూడా మార్చగలదు. ఈ మూడు సంగతులు చేత్తో చేసి చూసిన మనిషి, ఫ్రెష్‌డెస్క్‌లో పద్నాలుగు నెలలు, జెన్‌డెస్క్ ట్రయల్ అకౌంట్‌లో మాత్రమే అని నిజం రాసి, ధైర్యంగా ఇంటర్వ్యూకు వెళ్లవచ్చు.

రుజువు కోసం కొందరు పాత ఆఫీసు స్క్రీన్‌షాట్లు జత చేస్తారు. ఇది ఎప్పుడూ చేయకూడదు. ఆ బొమ్మలో కస్టమర్ పేరు, ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు ఉంటాయి. అవి బయటికి పంపే హక్కు మనకు లేదు. చూసిన రిక్రూటర్‌కు వచ్చే మొదటి ఆలోచన కూడా, రేపు మా కస్టమర్ల వివరాలూ ఇలాగే పోతాయని. అంతగా చూపించాలనుకుంటే ట్రయల్ అకౌంట్‌లో దొంగ పేర్లతో చేసినది చూపించవచ్చు.

ఎంఎస్ ఆఫీస్ అన్న మాట మెయిల్‌లోంచి తీసేయడమే మంచిది. ఆమె ఎక్సెల్‌లో చేసింది ఒకటే: వారం చివర రీఫండ్ టికెట్లను కారణాల వారీగా పివట్ టేబుల్‌లో లెక్కగట్టి టీమ్ లీడర్‌కు ఇచ్చేది. అదే రాయాలి. టైపింగ్ వేగం చెప్పేటప్పుడు ఈ వారంలో చూసుకున్న అంకె చెప్పాలి, తప్పులు తీసేసిన అంకె. ఆఫీసులో టెస్ట్ పెడతారు, పదిహేను నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఇవన్నీ పెట్టుకుని ఆమె మెయిల్ మళ్లీ రాస్తే ఎలా ఉంటుంది? మెయిల్ వెళ్లేది ఇంగ్లిష్‌లోనే. అందులోని విషయం తెలుగులో చెబితే ఇది.

సబ్జెక్ట్: కస్టమర్ సపోర్ట్ అసోసియేట్ – తెలుగు, కన్నడ, హిందీ, ఇంగ్లిష్ – యూకే షిఫ్ట్ – 14 నెలల అనుభవం

"నమస్కారం. మీ ప్రకటనలోని కస్టమర్ సపోర్ట్ అసోసియేట్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. ఆన్‌లైన్ కిరాణా సంస్థ సపోర్ట్‌లో 14 నెలలు చాట్, ఈమెయిల్, వాయిస్ చూశాను.

భాషలు: తెలుగులో వాయిస్, చాట్ (తెలుగు లిపిలోనూ టైప్ చేస్తాను). కన్నడ ధారాళంగా మాట్లాడతాను, టైప్ చేయలేను. హిందీ వాయిస్ చేశాను, దేవనాగరి టైపింగ్ రాదు. ఇంగ్లిష్‌లో ఈమెయిల్, చాట్ చేశాను. యూకే కస్టమర్లతో వాయిస్ అనుభవం లేదు.

షిఫ్ట్: భారత కాలమానం ప్రకారం మధ్యాహ్నం 12 నుంచి అర్ధరాత్రి 12 మధ్య ఏ తొమ్మిది గంటలైనా, వారాంతాలతో సహా. యూకే వేసవి, చలికాలం టైమ్ రెండూ కుదురుతాయి. అమెరికా షిఫ్ట్ ప్రస్తుతం కుదరదు. రాత్రి అమీర్‌పేటకు క్యాబ్ కావాలి.

టూల్స్: ఫ్రెష్‌డెస్క్ 14 నెలలు – రోజుకు సుమారు 40 టికెట్లు, తెలుగులో ఆరు క్యాన్డ్ రెస్పాన్సులు తయారు చేశాను. జెన్‌డెస్క్ ట్రయల్ అకౌంట్‌లో మాత్రమే వాడాను. ఎక్సెల్‌లో వారానికోసారి రీఫండ్ కారణాల పివట్ రిపోర్ట్.

నోటీస్ పీరియడ్ 30 రోజులు. రెజ్యూమె జత చేశాను. మీ రొటేషన్ వారానికోసారా, నెలకోసారా చెప్పగలరు."

దీని కింద పేరు, ఫోన్ నంబరు. అంతే.

సబ్జెక్ట్ లైన్‌లో భాషలు, షిఫ్ట్ ముందే ఉండటానికి కారణం ఉంది. రిక్రూటర్ సగం మెయిల్స్ ఫోన్‌లో చూస్తాడు, అక్కడ మొదటి కొన్ని మాటలే కనబడతాయి. తర్వాత ఎప్పుడైనా కన్నడ ఖాళీ వస్తే ఇన్‌బాక్స్‌లో కన్నడ అని వెతుకుతాడు. ఆ మాట మెయిల్‌లోనే ఉంటే ఆమె దొరుకుతుంది. పీడీఎఫ్‌గా మార్చిన ఫొటో లోపల ఉంటే దొరకకపోవచ్చు. రెజ్యూమెను ఫోన్‌తో ఫొటో తీసి పంపకూడదనేది అందుకే.

అదే మెయిల్‌ను వేరే సంస్థకు పంపేటప్పుడు మూడు పేరాల వరస మార్చుకోవాలి. ప్రకటనలో టూల్ గురించి గట్టిగా అడిగి, భాష గురించి ఊరికే ప్రస్తావిస్తే టూల్ పేరా ముందుకు రావాలి. ఫ్రెషర్ అయితే టూల్ పేరాలో ట్రయల్ అకౌంట్ ఒక్కటే ఉంటుంది, భాష పేరా పొడుగవుతుంది. చదువుకుంటూ ట్యూషన్ చెప్పినా, మీసేవ సెంటర్‌లో కూర్చున్నా, అక్కడ ఏ భాషలో ఎవరికి ఏం వివరించారో రాయవచ్చు.

పంపాక ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మెయిల్‌లో రాసిన షిఫ్ట్ హద్దు రాసిన రోజుకు నిజం. వారం తర్వాత హాస్టల్ మారినా, ఇంట్లో పరిస్థితి మారినా, కొత్త మెయిల్ మొదలుపెట్టకుండా పాత మెయిల్‌కే రిప్లై కొట్టి ఒక్క వాక్యం చెప్పాలి. అప్పుడే రిక్రూటర్ దగ్గర రెండూ ఒకే వరసలో ఉంటాయి. మన అమ్మాయికి అలాంటి అవసరమే వచ్చిందనుకుందాం. పాత ఆఫీసు నోటీస్‌ను 30 రోజుల నుంచి 15కు తగ్గించింది. అదే థ్రెడ్‌లో ఇలా రాస్తుంది: "నోటీస్ పీరియడ్ 15 రోజులకు తగ్గింది, వచ్చే నెల మొదటి వారంలో చేరగలను. షిఫ్ట్, క్యాబ్ వివరాల్లో మార్పు లేదు."